గబ్బిలానికి ఎలా ఉంటుంది? – రెండు తత్వశాస్త్ర పదాలను తెలుగులోకి తెచ్చిన అనుభవం

మూడేళ్ళ కిందట ఒక చిన్న ప్రచురణ సంస్థ తత్వశాస్త్ర వ్యాసాల సంకలనం కోసం నాకు రెండు రచనలు అప్పగించింది. ఒకటి అమెరికన్ తత్వవేత్త టామస్ నేగెల్ 1974లో ‘ఫిలసాఫికల్ రివ్యూ’ పత్రికలో రాసిన గబ్బిలం వ్యాసం. రెండోది అమర్త్య సేన్ 1999లో తెచ్చిన ‘డెవలప్‌మెంట్ యాజ్ ఫ్రీడమ్’ పుస్తకంలో ఎనిమిదో అధ్యాయం. మొదటిది కాన్షస్‌నెస్ గురించి, అంటే ఒక జీవికి లోపల ఎలా ఉంటుందన్న దాని గురించి. రెండోది స్త్రీల ఏజెన్సీ గురించి, అంటే వాళ్ళు తాముగా ఎంచుకుని పని చేసి మార్పు తేవడం గురించి. సంపాదకురాలు పెట్టిన షరతు ఒకటే. ఈ రెండు మాటల్నీ ఇంగ్లిషులోనే వదిలేయకూడదు, అలాగని చదివేవాడు నిఘంటువు పక్కన పెట్టుకునే పరిస్థితి రాకూడదు.

నేను పెద్దగా ఆలోచించలేదు. మొదటి దానికి ‘చైతన్యం’, రెండో దానికి ‘కర్తృత్వం’ అని రాసుకుని మూడు వారాల్లో చిత్తుప్రతి పూర్తి చేశాను. రెండూ గౌరవంగా ఉన్న మాటలే, రెండూ నిఘంటువుల్లో దొరికేవే. ఆ చిత్తుప్రతి మొత్తం పక్కన పడేయాల్సి వచ్చింది. ఎందుకు పడేశానో, దాని స్థానంలో ఏం పెట్టానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చైతన్యం ఎక్కడ బెడిసికొట్టింది

చిత్తుప్రతిలో మొదటి రెండు పేజీలు నలుగురికి వినిపించాను. చదవమని ఇవ్వలేదు, పైకి చదివి వినిపించాను. చదివేవాళ్ళు అర్థంకాని మాట దగ్గర మొహమాటానికి తల ఊపేసి ముందుకెళ్తారు. వినేవాళ్ళు మాత్రం మధ్యలో ఆపి అడుగుతారు.

నేగెల్ వ్యాసం మొదటి వాక్యమే కాన్షస్‌నెస్ వల్ల మనసు–శరీరం సమస్య మొండికేసింది అంటుంది. నేను ‘చైతన్యం వల్లనే’ అని చదివాను. ఒకప్పుడు యూనియన్‌లో తిరిగిన మా బాబాయి వెంటనే, “ఏ చైతన్యం? వర్గ చైతన్యమా?” అన్నారు. ఆయన నవ్వులాటకు అనలేదు. ఆయన జీవితమంతా ఆ మాటను విన్నది అలాగే. రాజకీయ చైతన్యం, ప్రజా చైతన్యం, చైతన్య యాత్రలు, చైతన్య రథం. ‘మహిళలు చైతన్యవంతులయ్యారు’ అని పేపర్లో వస్తే వాళ్ళు మూర్ఛ నుంచి తేరుకున్నారని ఎవరూ అనుకోరు. కదిలారు, అడిగారు, ఎదిరించారు అనుకుంటారు.

వేదాంత పాఠాలకు వెళ్ళే మా వీధి మాస్టారు దీనికి సరిగ్గా ఎదురు దారిలో వెళ్ళారు. ‘గబ్బిలానికి చైతన్యం ఉందా’ అన్న ప్రశ్నే ఆయనకు వింతగా తోచింది. “చైతన్యం గబ్బిలానికి ఉండటమేమిటమ్మా? చైతన్యంలోనే గబ్బిలం ఉంది కదా” అన్నారు. అద్వైతంలో శుద్ధ చైతన్యం ఒకటే. అది ఒకరి సొత్తు కాదు, దానికి నీదీ నాదీ అన్న హద్దులు లేవు. నేగెల్ వాదమంతా నిలబడింది ఆ హద్దు మీదే. గబ్బిలానిది గబ్బిలానికే తెలుసు, మనకు తెలియదు. హద్దు చెరిపేసే మాటతో హద్దు గురించి వాదించబోయాను నేను.

ఇక్కడ ఇంకో విడ్డూరం ఉంది. వేదాంతంలో, సాంఖ్యంలో చైతన్యం ఏ పనీ చెయ్యదు. సాంఖ్యులు పురుషుణ్ణి చూసేవాడిగా మాత్రమే ఉంచి, చేసే పనంతా ప్రకృతికి అప్పగించారు. గీత మూడో అధ్యాయంలో ‘అహంకార విమూఢాత్మా కర్తాహమితి మన్యతే’ అన్నది కూడా ఆ దారిలోదే. నేనే చేస్తున్నాను అనుకోవడం భ్రమ అంటుంది ఆ శ్లోకం. అదే చైతన్యం ఇరవయ్యో శతాబ్దపు తెలుగు రాజకీయాల్లో పడేసరికి పూర్తిగా పనిచేసే మాట అయిపోయింది. అంటే నేను కాన్షస్‌నెస్‌కి పెట్టబోయిన మాట అప్పటికే సగం ఏజెన్సీ ఇంట్లో కాపురం ఉంటోంది. ఈ సంగతి తెలిశాక రెండు వ్యాసాలనూ విడివిడిగా చూడటం మానేశాను.

మిగిలిన మాటల పరీక్ష

నేగెల్ వ్యాసంలో ఆ మాట వచ్చిన ప్రతి వాక్యాన్నీ ఒక్కో చీటీ మీద రాసుకుని, దొరికిన ప్రతి తెలుగు మాటనూ అందులో పెట్టి చూశాను. మాటను ఒంటరిగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. వాక్యంలో పెట్టాకే లోపం బయటపడుతుంది.

‘స్పృహ’ మీద నాకు ఎక్కువ ఆశ ఉండేది. అందరికీ తెలిసిన మాట. నలుగురిలో ఒకరైన మా పెద్దమ్మ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆమెను ఒక ప్రశ్న అడిగాను. కలగంటున్న మనిషికి స్పృహ ఉన్నట్టా, లేనట్టా? “లేనట్టే. పిలిస్తే పలకడు కదా” అన్నారు. నేగెల్ లెక్కలో కల కచ్చితంగా ఉన్నట్టే, ఎందుకంటే కలలో భయం వేస్తుంది, నీళ్ళు చల్లగా తగులుతాయి. అంటే స్పృహ మనకు మెలకువను, పిలిస్తే పలకడాన్ని కొలుస్తోంది. లోపల ఎలా ఉందన్నదాన్ని కొలవట్లేదు. అప్పటి నుంచి ఏ మాట వచ్చినా ముందు కల పరీక్ష పెట్టడం నాకు అలవాటైంది. పైగా సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. అది మనకు ‘నిస్పృహ’లో ఇంకా బతికే ఉంది. స్పృహకు వ్యతిరేకం నిస్పృహ కాకపోవడం చూస్తే ఈ మాట ఎంత దూరం జరిగివచ్చిందో తెలుస్తుంది. మూలమాట జరిగిపోతే దాని నుంచి కొత్త మాటలు పుట్టించలేం. ఈ వ్యాసంలో ఆ అవసరం పదేపదే వస్తుంది.

‘ఎరుక’ అచ్చ తెలుగు మాట, చెవికి ఇంపైనది. కానీ తెలంగాణలో ‘నాకెరుక లేదు’ అంటే నాకు తెలియదు అని. అది దేన్నో ఒకదాన్ని తెలుసుకోవడం. పంటి నొప్పి తెలుసుకునే విషయం కాదు, ఊరికే నొప్పి పెడుతుంది. అటు అచలం అనే గురు సంప్రదాయంలో ఎరుక అంటే విడిచిపెట్టాల్సినది, దాన్ని దాటితేనే బయలు అనే పరమతత్త్వం. ఇటు సోది చెప్పే ఆమె చెప్పేదీ ఎరుకే. ఇన్ని చోట్ల తిరిగొచ్చిన మాట వ్యాసం మధ్యలో కూర్చుంటే పాఠకుడు గబ్బిలాన్ని వదిలేసి దాని వెంట వెళ్ళిపోతాడు.

‘అనుభవం’ దగ్గర మా పెద్దమ్మే నవ్వేశారు. “గబ్బిలానికి అనుభవం ఉంది అంటే ఎన్నేళ్ళ సర్వీసే?” అన్నారు. ‘అనుభూతి’ కవిత్వం వైపు లాగింది. దానికి ముందు ‘మధుర’ అన్న విశేషణం కనిపించకుండా అంటుకునే ఉంటుంది.

పక్కింటి నుంచి అరువు తెచ్చుకుందామని కూడా చూశాను. కన్నడిగులకు మనిషి సొమ్మసిల్లితే ‘ప్రజ్ఞె’ తప్పుతుంది. అదే మాట మనకు ప్రజ్ఞ, అంటే నేర్పు, ప్రతిభ. మలయాళంలో ‘బోధం’ పోతుంది. మనకు బోధ అంటే పాఠం చెప్పడం. సంస్కృత మాట అదే, ఇల్లు మారితే పని మారిపోతోంది. దక్షిణాది భాషలన్నిటికీ ఒకే పారిభాషిక పదం సంస్కృతం నుంచి ఇచ్చేద్దామనేవాళ్ళు ఈ రెండు మాటలు చూస్తే చాలు.

చివరికి మిగిలింది ‘చేతన’. మనస్తత్వశాస్త్ర పుస్తకాల్లో ఉపచేతన, అంతశ్చేతన అని వాడుక ఉంది. కల పరీక్ష నెగ్గింది, ఎందుకంటే దానికి వీధిలో వాడుక లేదు కాబట్టి మనం చెప్పిన అర్థమే పట్టుకుంటుంది. తలమీద మోసుకొచ్చిన పెద్ద మూట ఏమీ లేదు. కానీ దీనికీ ఒక గుంత ఉంది, అందులో నేనే పడ్డాను. ‘చేతన గల జీవి’ అని రాయాల్సిన చోట ఒకసారి తొందరలో ‘చేతనైన జీవి’ అని రాశాను. అది పూర్తిగా వేరే మాట. ‘నాకు చేతనైనంత చేస్తాను’లో ఉన్నది ‘చేత’, అంటే చేయడం. ‘చేతకానివాడు’లో ఉన్నదీ అదే. సంస్కృత చేతనకూ దీనికీ చుట్టరికం లేదు. కానీ కంటికి ఒక్కలాగే ఉంటాయి. కాన్షస్‌గా ఉన్న జీవి కాస్తా సమర్థత ఉన్న జీవి అయిపోయింది. చైతన్యం లాగే ఇది కూడా చేసే పని వైపే జారింది చూడండి.

అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. చేతనను నామవాచకంగానే వాడాలి, విశేషణం చేయకూడదు. ‘చేతన గల’, ‘చేతన ఉన్న’, ‘చేతన లేని’ అంతే. ‘అచేతనం’ కూడా వద్దు, అది జడపదార్థం అనే అర్థం తెస్తుంది, మత్తులో ఉన్న మనిషిని రాయిని చేసేస్తుంది.

పేరు కాదు, విభక్తి

ఇంత చేసినా వ్యాసం నడవలేదు. మాట సరిపోయింది గానీ వాక్యాలు ఇంగ్లిషులోనే ఆలోచిస్తున్నాయి. నేగెల్ ముఖ్యమైన వాక్యాన్ని ఏడెనిమిది సార్లు రాశాను. ఒక జీవిగా ఉండటమంటే ఎలా ఉంటుందో అలాంటిది ఒకటి ఉంటేనే, అది కూడా ఆ జీవికే ఉంటేనే, దానికి కాన్షస్ స్థితులు ఉన్నట్టు. ఇదీ ఆయన చెప్పినది. ఇంగ్లిషులోనే మెలిక తిరిగిన వాక్యం. నా ఒక ప్రతిలో ‘ఆ జీవిగా ఉండటానికి సారూప్యమైన ఏదో ఒకటి ఉన్నప్పుడు’ అని ఉంది. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

దారి చూపించింది నేగెలే. ఇంగ్లిషులో ‘లైక్’ అన్న మాట పోలికను సూచిస్తుంది కాబట్టి అది తప్పుదారి పట్టిస్తుందనీ, దేన్ని పోలి ఉందని కాదు, ఆ జీవికి స్వయంగా ఎలా ఉందని తన ఉద్దేశమనీ ఆయన ఒక అధోజ్ఞాపికలో చెప్పుకున్నారు. ఆ గమనిక అనువదిస్తూ ఉండగా తట్టింది. తెలుగులో ఈ హెచ్చరికే అవసరం లేదు. ‘గబ్బిలం ఎలా ఉంటుంది?’ అంటే నల్లగా, తోలు రెక్కలతో ఉంటుందని చెప్తాం. ‘గబ్బిలానికి ఎలా ఉంటుంది?’ అంటే లోపలి సంగతి అడుగుతున్నాం. జ్వరమొచ్చిన పిల్లాణ్ణి ‘నీకెలా ఉందిరా’ అంటాం. ‘నువ్వెలా ఉన్నావు’ అన్నది వేరే ప్రశ్న. చలేసింది, భయమేసింది, ఆకలేసింది, గుర్తొచ్చింది, అనిపించింది – వీటన్నిటికీ ముందు ‘నాకు’ వస్తుంది, ‘నేను’ రాదు. ఇంగ్లిషువాడు అధోజ్ఞాపిక రాసి వేరు చేసిన సంగతిని మనం ఒక్క ‘కి’తో వేరు చేస్తున్నాం.

ఇంకోటి కూడా కలిసొచ్చింది. నేగెల్ ఒకచోట, చేతులకు పొరలు మొలిచి, నోటితో పురుగుల్ని పట్టుకుంటూ, పగలంతా అటకమీద తలకిందులుగా వేలాడినట్టు ఊహించుకున్నా లాభం లేదంటారు. గబ్బిలంలా ప్రవర్తిస్తే తనకెలా ఉంటుందో మాత్రమే అది చెబుతుందట. తెలుగులో ఈ వాదం రెండు ప్రత్యయాల్లో ఇమిడిపోతుంది. ‘గబ్బిలంలా ఉంటే నాకు ఎలా ఉంటుంది’ అన్నది ఒక ప్రశ్న. ‘గబ్బిలంగా ఉండటం గబ్బిలానికి ఎలా ఉంటుంది’ అన్నది మరో ప్రశ్న. లా, గా, నాకు, దానికి. మొదటిది ఊహించుకోగలం, రెండోది అడుగుతున్నాం. ఆ పేరాను నేను ఇంగ్లిషు కన్నా రెండు వాక్యాలు తక్కువలో ముగించాను.

ముఖ్య వాక్యం చివరికి ఇలా తేలింది: ‘ఒక జీవికి, ఆ జీవిగా ఉండటం ఎలాగో ఒకలా ఉంటుంది అంటే – చూసేవాళ్ళకి కాదు, ఆ జీవికే ఉంటుంది అంటే – దానికి చేతన ఉన్నట్టు. లేదంటే లేనట్టు.’ వ్యాసంలో చేతన అన్న మాట మొదటిసారి వచ్చే చోట సంపాదకురాలి అనుమతితో ఒకటి చేర్చాను. మొదటి వాక్యంలో ఉన్నదాన్ని అలాగే ఉంచి, దానికి ఒక గమనిక పెట్టి పాఠకుణ్ణి ఈ వాక్యం దాకా ఓపిక పట్టమన్నాను. ఇది దాటాక ఆ మాటను ఎన్నిసార్లు వాడినా ఎవరూ ఆపి అడగలేదు.

ఒకచోట మాత్రం ఇదే నిర్మాణం ఎదురు తిరిగింది. రాయిని గురించి నేను రాసుకున్న వివరణలో ‘రాయికి రాయిగా ఉండటం ఎలాగూ ఉండదు’ అని ఉంది. ఏ విధంగానూ ఉండదు అని నా ఉద్దేశం. విన్నవాళ్ళకు ‘ఎటూ ఉండదులే’ అని వినిపించింది. ‘ఎలాగో’ అంటే ఒక విధంగా, ‘ఎలాగూ’ అంటే ఎటు తిరిగీ. ఒక్క అచ్చు తేడాతో వాదం కాస్తా ఉదాసీనత అయింది. ‘ఏ తీరుగానూ ఉండదు’ అని మార్చాను.

సందర్భం కాకపోయినా ఒక మాట చెప్పాలి. నేగెల్ చెప్పే గబ్బిలాలు పురుగులు తినే చిన్నవి. అరిచి, ప్రతిధ్వనిని బట్టి దారి చూసుకునేవి. మన ఊళ్ళలో రావిచెట్టుకు, మర్రిచెట్టుకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాలు అలా చెయ్యవు, అవి కళ్ళతోనూ వాసనతోనూ వెతుక్కుంటాయి. తెలుగులో రెండూ గబ్బిలాలే. ఈ గమనిక పెట్టకపోతే చెట్టు కింద నుంచి చూసిన గబ్బిలాన్నే పాఠకుడు మనసులో పెట్టుకుంటాడు, వాదానికి ఊతమైన ప్రతిధ్వని సంగతి గాల్లో తేలిపోతుంది. పుస్తకంలో ఒక్క వాక్యం గమనిక చేర్చాను. శీర్షికలో ‘గబ్బిలం’ ఒక్కటే ఉంచితే జాషువా 1941 నాటి కావ్యం తప్ప ఇంకేమీ గుర్తుకు రాదని, పూర్తి ప్రశ్ననే శీర్షిక చేశాం.

ఏజెన్సీ: ఎవరి తరఫున?

సేన్ అధ్యాయానికి వచ్చేసరికి కొంచెం ధైర్యం వచ్చింది. కానీ ఇక్కడ ఇబ్బంది వేరు. ఆ ఇంగ్లిషు మాట మనకు కొత్తది కాదు, మరీ ఎక్కువ తెలిసింది. గ్యాస్ ఏజెన్సీ, న్యూస్ ఏజెన్సీ సరే. పాడేరు, అరకు వైపు వాళ్ళకు ఏజెన్సీ అంటే వాళ్ళ ఊరే. 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా పెట్టి పాలించింది. ఆ ఏజెంటు కింద ఉన్నది కాబట్టి ఏజెన్సీ. అక్కడ ఏజెంటు అంటే ఇంకొకరి తరఫున పనిచేసేవాడు. సేన్ తన పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఈ అర్థాన్ని పక్కన పెడుతున్నానని చెప్తారు. ఆర్థికశాస్త్రంలో ఏజెంటు అంటే యజమాని కోసం పనిచేసేవాడు, తాను వాడుతున్నది అంతకన్నా పాతదైన అర్థంలో, తానుగా పని చేసి మార్పు తెచ్చే మనిషి అని. అంటే ‘ఏజెన్సీ మహిళల ఏజెన్సీ’ అని తెలుగులో రాస్తే ఒకే మాట రెండుసార్లు, ఒకదానికొకటి ఎదురు అర్థంలో వస్తుంది. లిప్యంతరీకరణ చేసేస్తే సరిపోతుందనే వాళ్ళకు నేను ఈ వాక్యమే చూపిస్తాను.

‘కర్తృత్వం’ పండితులకు నప్పుతుంది. పాణిని ‘స్వతంత్రః కర్తా’ అన్నాడు, క్రియలో ఎవరు స్వతంత్రంగా ఉంటారో వాడు కర్త. సేన్ చెప్పేదానికి ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు. మన ప్రాంతపు వాడైన అన్నంభట్టు తర్కసంగ్రహ దీపికలో కర్తృత్వానికి జ్ఞానం, చేయాలన్న కోరిక, ప్రయత్నం మూడూ కావాలన్నాడు. అదీ పనికొచ్చేదే. కానీ ‘స్త్రీల కర్తృత్వం’ అన్న శీర్షిక వినిపించగానే మాస్టారు, “ఏ గ్రంథం గురించమ్మా? మొల్ల రామాయణమా?” అన్నారు. మనకు కర్తృత్వ వివాదం అంటే పుస్తకం ఎవరు రాశారన్న వివాదమే కదా. పెద్దమ్మ ఇంకోలా తీసుకున్నారు. “కర్త అంటే తలకొరివి పెట్టేవాడే. ఆడవాళ్ళు పెట్టాలనా రాశావు?” అన్నారు. పెట్టకూడదా అని నేనడిగితే చర్చ ఇంకెటో వెళ్ళింది, ఆ సాయంత్రం పని ఏమీ జరగలేదు.

‘సాధికారత’ ప్రభుత్వం వాడే మాట కాబట్టి అందరికీ తెలుసు. దాన్ని తేల్చడానికి పొట్టి శ్రీరాములు గుర్తొచ్చారు. 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచారు. సేన్ మనిషి బాగోగులను, మనిషి తానుగా ఎంచుకుని చేసే పనిని వేరు చేస్తారు. శ్రీరాములు విషయంలో మొదటిది సున్నాకు పడిపోయింది, రెండోది నిండుగా ఉంది. ‘శ్రీరాములు సాధికారత’ అంటే నవ్వొస్తుంది. ఎందుకంటే సాధికారత ఎవరో ఒకరు ‘కల్పించేది’. తెలుగులో ఆ క్రియ లేకుండా ఆ మాట కనిపించదు. ఇచ్చేవాడు ఉండి తీరాలన్నమాట. సేన్ తప్పించుకోవాలనుకున్నది సరిగ్గా దాన్నే. ‘చొరవ’ మరీ తేలిక. ‘స్వయంప్రతిపత్తి’ కాలేజీలకూ రాష్ట్రాలకూ తప్ప మనుషులకు అతకదు.

మాట కోసం వెతకడం ఆపి ఈసారి ముందే వాక్యం దగ్గరికి వెళ్ళాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో జరిగిన సారా వ్యతిరేక పోరాటాన్ని పరీక్షకు తీసుకుని మూడు వాక్యాలు రాశాను. ‘దుకాణం మూతపడింది.’ ‘మహిళలు దుకాణం మూశారు.’ ‘మహిళలు దుకాణం మూయించారు.’ మొదటిదాంట్లో ఎవరూ లేరు, అధికారుల నివేదికల్లో కనిపించే వాక్యం ఇదే. రెండోది వింటే తాళం వాళ్ళ చేతిలో ఉన్నట్టుంది. మూడోదే నిజం. తాళం వేసింది దుకాణదారుడే అయినా చేసింది వీళ్ళు. ఇంగ్లిషులో ఏజెన్సీ అన్న నామవాచకం మోసే బరువులో చాలా భాగం మనకు ‘మూయించు’లోని ‘ఇంచు’ ప్రత్యయం మోస్తుంది.

కాన్షస్‌నెస్ ‘నాకు’లో ఉన్నట్టే ఏజెన్సీ ‘నేను’లో ఉందని అప్పుడు అర్థమైంది. నాకు కోపం వచ్చింది, నేను అరిచాను. నాకు తెలిసింది, నేను వెళ్ళాను. ఈ సూత్రం అన్ని చోట్లా పనిచేస్తుందని చెప్పను. ‘నాకు చేతనవుతుంది’ అన్నప్పుడు సమర్థత కూడా ‘నాకు’ కిందికే వచ్చేస్తుంది. కాబట్టి సేన్ సామర్థ్యం గురించి మాట్లాడే చోట ‘చేయగలరు’ అనే రాశాను, ‘చేతనవుతుంది’ అనలేదు. ‘నేను’ను జారనివ్వకూడదు కదా.

అధ్యాయం మొదట్లో సేన్ చెప్పే సంగతి, మహిళా ఉద్యమాలు క్రమంగా బాగోగుల మీది దృష్టి నుంచి ఏజెన్సీ వైపు విస్తరించాయని. సాయం అందుకునే వాళ్ళుగా కాక మార్పుకు కారకులుగా స్త్రీలను చూడటం మొదలైందని. దీనికి ఎదురు మాట మనకు రెడీగా ఉంది, రేషన్ షాపు దగ్గరి నుంచి పత్రికల దాకా అందరికీ నోరు తిరిగిన మాట, ‘లబ్ధిదారు’. నా వాక్యం ఇలా వచ్చింది: ‘స్త్రీలు ఇక లబ్ధిదారులు మాత్రమే కారు, మార్పు తెచ్చేవాళ్ళు వాళ్ళే, తెప్పించేవాళ్ళూ వాళ్ళే.’ లబ్ధిదారు ఎదురుగా నిలబడేసరికి ఏజెన్సీకి అర్థం విడిగా చెప్పాల్సిన పని పోయింది. ఇంగ్లిషులో కర్తకు ఎదురుగా వచ్చే ‘పేషెంట్’ అన్న మాటను వ్యాకరణం ప్రకారం ‘కర్మ’ చేసి, ‘కర్తగా కాదు, కర్మగా చూశారు’ అని ఒక చమత్కారం కూడా రాశాను. చదివిన ప్రతి ఒక్కరూ తలరాత గురించి అనుకున్నారు. కొట్టేశాను. చమత్కారం బాగుందని వారం రోజులు వదలలేకపోయిన మాట నిజమే.

అయినా శీర్షికలకు, పదసూచికకు ఒక నామవాచకం కావాలి. అక్కడ ‘స్వయంకర్తృత్వం’ పెట్టాం. ‘స్వయం’ చేరేసరికి గ్రంథకర్త, తలకొరివి కర్త ఇద్దరూ తప్పుకున్నారు. బరువైన మాటే. కానీ అధ్యాయం మొత్తంలో అది శీర్షికల్లో, నిర్వచనంలో, మరో నాలుగైదు చోట్ల తప్ప రాదు. మిగతా పనంతా క్రియలు చేశాయి. సంపాదకురాలికి ఇది నచ్చలేదు. ఇంగ్లిషులో ఒకే మాట ఉన్న చోట తెలుగులోనూ ఒకే మాట ఉండాలని, లేకపోతే పరిశోధక విద్యార్థి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేడని ఆమె వాదన. అందులో న్యాయముంది. తెలుగు అకాడమీ 1968 నుంచి వేసిన పదకోశాలు కూడా ఆ లెక్కనే నడిచాయి, ఒక్కో శాస్త్రానికి ఒక్కో జాబితా, ఒక్కో మాటకు ఒక్కో మాట. పాఠ్యపుస్తకానికైతే నేనూ అలాగే చేసేదాన్ని. ఇద్దరం ఒక రాజీకి వచ్చాం. నామవాచకం విప్పి క్రియ చేసిన ప్రతి పేరాకూ మార్జిన్‌లో చిన్న చుక్క గుర్తు పెట్టి, చివర్లో ఆ చుక్కలన్నిటికీ మూల పదం ఏమిటో ఒక పేజీలో ఇచ్చాం. ఎంతమంది ఆ పేజీ తిప్పారో గానీ, డీటీపీ చేసిన కుర్రాడు మాత్రం ఆ చుక్కల్ని బాగా తిట్టుకున్నాడు.

రెండో ప్రూఫు ఆ కుర్రాడి దగ్గరి నుంచే వచ్చింది. నేగెల్ వ్యాసంలో ‘చేతన గల’ అని ఉన్న మూడు చోట్ల ఎవరో శ్రద్ధగా ‘చేతనైన’ అని దిద్దారు. అది మామూలు తెలుగు, నాది వంకర తెలుగు అనుకుని ఉంటారు. రెండు పట్టుకున్నాను. మూడోది అచ్చయింది. ‘గబ్బిలం చేతనైన జీవి అనడంలో ఎవరికీ పెద్దగా సందేహం ఉండదు’ అని ఇప్పటికీ ఆ పుస్తకంలో ఉంది.